సూయజ్ కాలువకు లాకులు ఎందుకు లేవు? అసలు దాన్ని ఎలా తవ్వారు?

పాఠాల_నాన్న
మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. నిన్న రాత్రి పాఠం చదివిస్తూ ఉంటే సూయజ్ కాలువ గురించి మూడంటే మూడే వాక్యాలు కనిపించాయి. 1869లో తెరిచారట, మధ్యధరా సముద్రాన్ని ఎర్ర సముద్రంతో కలిపిందట, దూరం తగ్గి వర్తకం పెరిగిందట. అంతే. అది చదివి మా అమ్మాయి, "రెండు సముద్రాలూ ఒకే ఎత్తులో ఉంటాయా నాన్నా?" అని అడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను. నేను ధవళేశ్వరం దగ్గర పుట్టి పెరిగినవాణ్ణి, లాకులు లేని పెద్ద కాలువను ఊహించడం నాకు కష్టం. మరి సూయజ్‌కు ఒక్క లాకు కూడా లేకుండా ఎలా కుదిరింది? ఎడారిలో ఇసుక తవ్వడానికి పదేళ్లు ఎందుకు పట్టింది? దూరం అంతగా తగ్గినప్పుడు తెరిచిన మరునాటి నుంచే ఓడలన్నీ అటు మళ్లాలి కదా, మరి మొదటి రెండు మూడేళ్లు ఆ కాలువ కంపెనీ దివాలా అంచున ఉందని ఎక్కడో చదివాను. తెలిసినవారు వివరంగా చెబితే అమ్మాయికి ఆ మూడు వాక్యాలకు బదులు ఒక మంచి కథ చెప్పగలుగుతాను.

ఉప్పుటేరు
ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. భూమి మీద సముద్రమంతా ఒకటే నీరు కాబట్టి మట్టం కూడా ఒకటే. కొల్లేరు నుంచి సముద్రానికి ఉప్పుటేరు ఉన్నట్టే ఇక్కడ రెండు సముద్రాల మధ్య ఒక ఉప్పుటేరు తవ్వారు. పనామాలో రెండు మహాసముద్రాల మట్టాలు వేరు కాబట్టి అక్కడ లాకులు పెట్టవలసి వచ్చింది.

లెవెల్_పుస్తకం
పై సమాధానంలో సగం సరైనది, సగం సరిదిద్దవలసినది. పనామా లాకులకు కారణం మహాసముద్రాల మట్టాలు కాదు. అక్కడ మధ్యలో కొండలున్నాయి. వాటిని సముద్ర మట్టం దాకా కోయడం సాధ్యం కాక, ఒక నదికి ఆనకట్ట కట్టి సుమారు 26 మీటర్ల ఎత్తున చెరువు చేసి, ఓడలను ఆ చెరువులోకి ఎక్కించి అవతల దించుతున్నారు. సూయజ్‌లో అటువంటి కొండలు లేవు. ఎత్తైన దిబ్బ ఎల్ గిస్ర్ వద్ద ఉంది, అది కూడా ఇరవై మీటర్లకు లోపే.

అయితే "సముద్రమంతా ఒకటే మట్టం కదా" అని ఇప్పుడు మనం సులువుగా అంటున్న మాటను అప్పటి ఇంజనీర్లు దాదాపు యాభై ఏళ్లపాటు అనలేకపోయారు. 1799లో నెపోలియన్ సైన్యంతో ఈజిప్టు వెళ్లిన ఇంజనీరు లెపేర్ రెండు సముద్రాల మధ్య ఉన్న ఆ భూసంధిని సర్వే చేసి, ఎర్ర సముద్రం మధ్యధరా కంటే సుమారు 10 మీటర్లు ఎత్తున ఉందని తేల్చాడు. గణిత శాస్త్రవేత్త లాప్లాస్ అది నమ్మలేదు. అయినా కాగితం మీద అంకె ఉన్నప్పుడు దాన్ని కాదనడానికి మరో అంకె కావాలి. 1847లో బూర్దలూ అనే సర్వేయరు బృందం మళ్లీ లెవెల్ వేసి, చెప్పుకోదగిన తేడా ఏమీ లేదని తేల్చాకే లాకులు లేని కాలువ అనే ఆలోచన నిలబడింది. మీ అమ్మాయి అడిగిన ప్రశ్న చాలా మంచి ప్రశ్న. ఆ కాలువ చరిత్ర మొదలయ్యేదే అక్కడ.

ఉప్పుటేరు
పనామా సంగతి సరిదిద్దినందుకు ధన్యవాదాలు. కానీ ఒక ఇంజనీరు 10 మీటర్లు ఎలా తప్పుతాడు? అంటే మూడంతస్తుల మేడంత ఎత్తు.

లెవెల్_పుస్తకం
నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు లెవెల్ యంత్రం పక్కన నిలబడినవాణ్ణి కాబట్టి, ఆయన మీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ. లెక్క చూడండి. భూసంధి వెంట సుమారు 160 కిలోమీటర్లు, యంత్రాన్ని ప్రతి 100 మీటర్లకు ఒకసారి నిలబెట్టారనుకుంటే 1,600 సార్లు. ఒక్కొక్కసారి 6 మిల్లీమీటర్ల పొరపాటు జరిగినా, అది ఒకసారి పైకి, ఒకసారి కిందికి పడుతూ ఉంటే చాలామటుకు తనలో తానే కొట్టుకుపోతుంది. చివరికి మిగిలేది పావు మీటరు చుట్టుపక్కల. అదే పొరపాటు ప్రతిసారీ ఒకే వైపు పడితే, అంటే యంత్రమే కాస్త వాలి ఉంటే, 1,600 ఆరుల చొప్పున సుమారు 10 మీటర్లు చేరుతుంది. లేదా పని మధ్యలో ఆపి, తిరిగి మొదలుపెట్టేటప్పుడు పాత గుర్తు దొరక్క అంచనాతో కలిపినా అంతే.

లెపేర్ బృందం పని అలాగే సాగింది. నీళ్లు దొరకక, దాడుల భయంతో, ముక్కలు ముక్కలుగా కొలిచారు. కొలిచిన దారినే వెనక్కి కొలుచుకుంటూ వచ్చి మొదటి గుర్తు దగ్గర లెక్క కలుస్తోందా అని చూసుకోలేకపోయారు. మా పై అధికారి ఒకరు, "వెనక్కి తిరిగి ముడి వేయని లెవెల్ పుస్తకాన్ని నాకు చూపించవద్దు" అనేవారు. ఆ మాట విలువ నాకు ఈ సూయజ్ కథ తెలిశాకే పూర్తిగా అర్థమైంది.

నావిక_విశాఖ
నేను వర్తక నౌకల్లో ఇంజనీరును, ఆ కాలువను పదకొండు సార్లు దాటాను. మట్టాలు ఒకటే అన్నది సగటున నిజం, రోజువారీగా కాదు. మధ్యధరా వైపు పోర్ట్ సయీద్‌లో ఆటుపోట్ల తేడా అర మీటరు కూడా ఉండదు. ఎర్ర సముద్రం వైపు సూయజ్ రేవులో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మీటరున్నర దాటుతుంది. లాకులు లేకపోయినా ఆ పోటు కాలువ పొడవునా పరుగెత్తకపోవడానికి కారణం మధ్యలో ఉన్న బిట్టర్ సరస్సులు. దక్షిణం నుంచి తోసుకొచ్చిన నీరు ఆ విశాలమైన సరస్సుల్లో పరుచుకుని నెమ్మదిస్తుంది. సరస్సులకు దక్షిణాన మాత్రం ప్రవాహం రోజుకు నాలుగుసార్లు దిశ మార్చుకోవడాన్ని పైలట్లు ఎంతో జాగ్రత్తగా లెక్కలోకి తీసుకుంటారు. ప్రకృతి పెట్టిన ఆ సరస్సులే లేకపోతే లాకుల అవసరం వచ్చేదేమోనని నా అభిప్రాయం.

వార్తల_వాసు
2021 మార్చిలో అడ్డం తిరిగిన ఆ 400 మీటర్ల ఓడ గురించేనా ఈ చర్చ? అందులో సిబ్బంది అందరూ భారతీయులే. గాలి వల్ల జరిగిందా, నడపడంలో లోపమా అన్నది చివరికి తేలిందా?

నావిక_విశాఖ
వాసు గారూ, ఇక్కడి ప్రశ్న తవ్వకం గురించి. ఒక్క మాట మాత్రం చెబుతాను, అది తవ్వకానికి కూడా సంబంధించినదే. ఇరుకైన కాలువలో ఓడ గట్టుకు దగ్గరగా వెళితే, ఆ వైపు నీరు సన్నని సందులోంచి వేగంగా పారి, మట్టం తగ్గి, ఓడ వెనుక భాగాన్ని గట్టు వైపు లాగుతుంది, ముందు భాగం అవతలి గట్టు వైపు తిరుగుతుంది. 1869లో అడుగున కాలువ వెడల్పు 22 మీటర్లు, లోతు 8 మీటర్లు మాత్రమే. ఆ రోజుల్లో ఓడలు గట్టెక్కి ఇరుక్కోవడం మామూలు సంగతి. ఎదురెదురుగా వచ్చిన రెండు ఓడలు దాటుకోలేవు కాబట్టి, అక్కడక్కడ వెడల్పు చేసిన చోట ఒకటి కట్టుకుని ఆగితే రెండోది ముందుకు వెళ్లేది.

పాఠాల_నాన్న
ఈ రెండు రోజుల్లో నాకు తెలిసినది బడిలో తెలిసిన దానికంటే ఎక్కువ. ఇప్పుడు తవ్వకం గురించి ఎవరైనా చెప్పండి.

ఎర్రమట్టి
మా పొలంలో చేపల చెరువు తవ్వించిన అనుభవంతో చెబుతున్నాను, ఇసుక తవ్వడం కష్టం కాదు, నిలబెట్టడం కష్టం. ఎంత తవ్వినా గట్టు జారి లోపలికే వస్తుంది. పదేళ్లు పట్టడానికి అదే కారణమై ఉంటుంది.

పాతపటాలు
ఎర్రమట్టి గారు చెప్పినది కొన్ని చోట్లకు సరిపోతుంది, అయితే అసలు కారణం వేరు. ఆ దారి అంతా ఇసుక కాదు. ఉత్తరాన పోర్ట్ సయీద్ నుంచి మొదటి నలభై కిలోమీటర్లకు పైగా మంజాలా సరస్సు, మోకాలి లోతు నీరు, కింద మెత్తటి బురద. తర్వాత ఎల్ గిస్ర్ ఇసుక దిబ్బ. ఆ పైన తిమ్సా సరస్సు, సెరాపియం మెరక, బిట్టర్ సరస్సుల ఎండిన గుంట, చివరికి షలూఫా వద్ద రాయి. ఒక్కొక్క చోటికి ఒక్కొక్క పద్ధతి కావలసి వచ్చింది.

1859 ఏప్రిల్ 25న పోర్ట్ సయీద్ తీరాన, కాలువ కంపెనీ పెట్టిన ఫ్రెంచివాడు లెసెప్స్ మొదటి పలుగు వేయించినప్పుడు అక్కడ ఊరు లేదు, చెట్టు లేదు, తాగడానికి చుక్క నీరు లేదు. నీటిని సరస్సు మీదుగా పడవల్లో, ఎడారిలో ఒంటెల మీద తెచ్చేవారు. వేలమంది పనిచేసే చోట అది ఎన్నాళ్లు సాగుతుంది? అందుకే ఓడల కాలువ కంటే ముందు నైలు నది నుంచి ఒక మంచినీటి కాలువ తవ్వుకోవలసి వచ్చింది. అది 1862లో తిమ్సా సరస్సుకు, 1863 చివరికి సూయజ్ పట్టణానికి చేరింది. నా దృష్టిలో ఈ నిర్మాణంలో మొదటి నిజమైన విజయం అదే. సముద్రాలను కలపడానికి ముందు నదిని ఎడారిలోకి నడిపించారు.

మంజాలా బురదలో పలుగూ పారా పనిచేయలేదు. అక్కడి జాలర్లే ఆ పని చేశారు. బురదను చేతులతో ముద్దలుగా ఎత్తి, రొమ్ముకు అదిమి నీరు పిండి, గట్టు మీద పేర్చి ఎండబెట్టేవారు. ఒక వరుస ఎండి గట్టిపడ్డాక దాని మీద మరో వరుస. ఈ కాలువ మొదటి గట్లు అలా లేచాయి.

నల్లగొండ_మనవడు
ఆ వేలమంది ఎక్కడి నుంచి వచ్చారు, కూలి ఇచ్చారా? మా తాత నిజాం కాలంలో దొర గడిలో వెట్టి చేసినవాడు. అందుకే ఎంత పెద్ద కట్టడాన్ని చూసినా నాకు ముందు ఈ ప్రశ్నే వస్తుంది.

పాతపటాలు
మీ మాటే సరైనది, అది వెట్టే. ఈజిప్టు పాలకుడు సయీద్ పాషా, కంపెనీకి రైతులను పంపుతానని ఒప్పుకున్నాడు. 1861 చివరి నుంచి నెలకు సుమారు 20,000 మందిని ఊళ్ల నుంచి తోలుకొచ్చేవారు. నెల తిరగగానే వాళ్లు వెళ్లి మరో ఇరవై వేలమంది రావాలి. కాబట్టి ఏ రోజున చూసినా కొంతమంది దారిలో వస్తూ, కొంతమంది పనిలో, కొంతమంది ఇంటికి పోతూ ఉండేవారు. అంటే దాదాపు అరవై వేలమంది తమ పొలాలకు దూరమయ్యారన్నమాట. కూలి ఇచ్చారు, కానీ తక్కువ, అందులోంచే రొట్టెకు కోత. తట్టలూ చేతులే పనిముట్లు. ఎల్ గిస్ర్ దిబ్బను ఆ చేతులే చీల్చాయి. 1862 నవంబరులో మధ్యధరా నీరు ఒక సన్నని పాయగా తిమ్సా సరస్సులోకి దిగింది.

1863లో ఇస్మాయిల్ అధికారంలోకి వచ్చాక వెట్టిని ఆపాలని చూశాడు. బ్రిటన్ కూడా బలంగా ఒత్తిడి తెచ్చింది. దానికి దయ ఒక్కటే కారణం అనుకోకండి. అమెరికా అంతర్యుద్ధం వల్ల పత్తి ధర ఆకాశాన్నంటిన రోజులవి, ఇస్మాయిల్‌కు ఆ రైతులు పత్తి చేలలో కావాలి. బ్రిటన్‌కేమో ఫ్రెంచివారి కాలువ పూర్తి కావడమే ఇష్టం లేదు. అలెగ్జాండ్రియా నుంచి కైరోకు తమ రైలు మార్గం వేసినప్పుడు అదే వెట్టి గురించి బ్రిటన్ అభ్యంతరం చెప్పలేదని లెసెప్స్ ఎత్తిచూపాడు.

తగాదా ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ ముందుకు వెళ్లింది. 1864లో ఆయన తీర్పు ఏమిటంటే, ఈజిప్టు కంపెనీకి 8 కోట్ల 40 లక్షల ఫ్రాంకులు చెల్లించాలి. అందులో 3 కోట్ల 80 లక్షలు కేవలం వెట్టి కూలీలను మాన్పించినందుకు. మిగతాది భూములు, మంచినీటి కాలువ వెనక్కి తీసుకున్నందుకు. తన రైతులను తన పొలాలకు తెచ్చుకోవడానికి ఒక దేశం పరాయి కంపెనీకి డబ్బు కట్టిందన్న సంగతి చదివినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

నల్లగొండ_మనవడు
మా తాత కూడా ఇటువంటిదే ఒకటి చెప్పేవాడు. వెట్టి మానుకోవాలంటే బాకీ తీర్చాలని అనేవారట, ఆ బాకీ ఎప్పుడు చేశాడో ఆయనకే తెలియదు. ఈ తవ్వకంలో 1,20,000 మంది చనిపోయారని చదివాను. ఆ అంకెను మీరు ఎందుకు ప్రస్తావించలేదు?

పాతపటాలు
1956 జులై 26న కాలువను జాతీయం చేస్తూ ఈజిప్టు అధ్యక్షుడు నాజర్ చేసిన ప్రసంగంలో ఆ అంకె ఉంది. దానికి ఆధారంగా నిలిచే లెక్కల పుస్తకం నాకు కనిపించలేదు. మరోవైపు కంపెనీ ప్రధాన వైద్యుడి నివేదికలు మరణాలు చాలా తక్కువని చెబుతాయి. 1865లో కలరా వచ్చి జనం చెల్లాచెదురయ్యారన్నది మాత్రం అందరూ ఒప్పుకునేదే.

నల్లగొండ_మనవడు
కంపెనీ జీతం తీసుకునే వైద్యుడి లెక్కను ఎలా నమ్మాలి? ఊరికి తిరిగి వెళుతూ దారిలో చనిపోయినవాణ్ణి ఆ పుస్తకంలో ఎవరు రాస్తారు? గడిలో చనిపోయినవారి లెక్క కూడా ఎక్కడా లేదు.

పాతపటాలు
మీ అభ్యంతరానికి నా దగ్గర జవాబు లేదు. రాసిన లెక్క లేనంత మాత్రాన మరణాలు లేవని నేను అనను, అలాగని ఆ పెద్ద అంకెను రుజువైనదిగా కూడా రాయలేను.

తవ్వోడ_మేస్త్రి
విశాఖలో తవ్వోడల మీద పనిచేసి పదవీ విరమణ చేశాను. ఇక్కడి నుంచి కథ నాకు ఇష్టమైన భాగం. వెట్టి ఆగిపోయాక కంపెనీకి యంత్రాలు తప్ప దారి లేకపోయింది. బోరెల్, లవాలే అనే ఇద్దరు ఫ్రెంచి ఇంజనీర్లు ఆ గుత్త తీసుకున్నారు. మొత్తం తవ్విన మట్టి సుమారు 7 కోట్ల 50 లక్షల ఘనపు మీటర్లు. అందులో అత్యధిక భాగం చివరి నాలుగైదేళ్లలో వారి యంత్రాలు తీసినదే.

వారి తవ్వోడలో ఒక గొలుసుకు వరుసగా ఇనుప బకెట్లు ఉంటాయి, గొలుసు తిరుగుతూ అడుగు నుంచి మట్టిని పైకి తెస్తుంది. తేవడం తేలికే, తెచ్చిన మట్టిని ఎక్కడ వేయాలన్నదే ఈ పనిలో మమ్మల్ని ఎప్పుడూ వేధించే ప్రశ్న. పడవల్లోకి నింపి, మోసుకెళ్లి, ఖాళీ చేసి రావాలంటే తవ్వోడ సగం సమయం ఊరికే నిలబడుతుంది. వాళ్లేం చేశారంటే, తవ్వోడ మీద ఎత్తుగా ఒక బురుజు కట్టి, దాని నుంచి గట్టు దాటేలా 70 మీటర్ల పొడవున్న ఇనుప దోనెను వాలుగా అమర్చారు. బకెట్లు పైకి తెచ్చిన మట్టి ఆ దోనెలో పడి, నేరుగా గట్టు అవతలికి జారిపోతుంది. మధ్యలో పడవ లేదు, కూలీ లేడు.

ఎర్రమట్టి
70 మీటర్ల దోనెలో తడి మట్టి జారుతుందా? మా చెరువు పనిలో ట్రాక్టరు తొట్టిని పూర్తిగా ఎత్తినా బంకమట్టి అతుక్కుపోతుంది. చివరికి మా పాలేరు పారతో గీకి దించుతాడు.

తవ్వోడ_మేస్త్రి
సరిగ్గా అక్కడే వారి తెలివి ఉంది. దోనె పై చివర ఆవిరి పంపుతో ఆపకుండా నీరు వదిలేవారు. నీటితో కలిసిన ఇసుక మీటరుకు నాలుగైదు సెంటీమీటర్ల వాలులో కూడా పారుతుంది. బంకమట్టి అయితే ముద్దలు ఆగిపోకుండా దోనెలో గొలుసుతో నెట్టే ఏర్పాటు చేశారు. మీ పాలేరు పార చేసే పనినే అక్కడ ఆ గొలుసు చేసింది.

నాకు అంతకంటే నచ్చినది సెరాపియం మెరక. అది సముద్ర మట్టానికి పైన ఉంది, కాబట్టి సముద్రపు నీరు అక్కడికి ఎక్కదు, నీరు లేకపోతే తవ్వోడ తేలదు. అయితే నైలు మంచినీటి కాలువ ఆ మెరక కంటే ఎత్తున పారుతోంది. దాని నీటిని పల్లాల్లోకి మళ్లించి చెరువులు చేశారు. తవ్వోడలను మంచినీటి కాలువ మీదుగా తెచ్చి ఆ చెరువుల్లోకి దించారు. అవి అక్కడే తేలుతూ, కింద మట్టిని తవ్వుతూ పోయాయి. లోతు సరిపోయాక నైలు నీటిని తీసేసి సముద్రపు నీటిని రానిచ్చారు. పాతపటాలు గారు మంచినీటి కాలువే మొదటి విజయం అన్నారు కదా, తాగడానికి తెచ్చిన ఆ నీరే తర్వాత యంత్రాలను కూడా మోసింది.

లెవెల్_పుస్తకం
మేస్త్రి గారి చివరి పేరా రెండుసార్లు చదివాను. షలూఫాలో రాయి తగలడం వల్ల అక్కడ ఆ పద్ధతి చెల్లక, పొడిగానే పగలగొట్టి తవ్వారు. ఇక బిట్టర్ సరస్సులు తవ్వవలసిన పనే లేకపోయింది, నింపితే చాలు. 1869 మార్చిలో మధ్యధరా నీటిని తూముల గుండా ఒక అదుపులో వదిలారు, తర్వాత ఇటు నుంచి ఎర్ర సముద్రం నీటిని. ఒక్కసారిగా వదిలితే కొత్త గట్లు కోసుకుపోతాయి. ఆగస్టు 15న రెండు నీళ్లూ అక్కడ కలిశాయి. నవంబరు 17న ప్రారంభోత్సవం.

పాఠాల_నాన్న
ఇక నా మూడో ప్రశ్న మిగిలింది. దారి సిద్ధమయ్యాక ఓడలు ఎందుకు రాలేదు? 1870లో 486 ఓడలు మాత్రమే దాటాయని చూశాను, అంటే రోజుకు ఒకటిన్నర కూడా లేదు.

కాకినాడ_కెరటం
సుంకం ఎక్కువ కావడం వల్లనే అనుకుంటాను, టన్నుకు 10 ఫ్రాంకులు.

నావిక_విశాఖ
సుంకం కొంత కారణం, ప్రధాన కారణం గాలి. 1869లో ప్రపంచపు సరుకులో ఎక్కువ భాగం తెరచాప ఓడల మీదే నడిచేది. ఎర్ర సముద్రం ఉత్తర భాగంలో గాలి ఎక్కువగా ఉత్తరం నుంచే వీస్తుంది, రెండు పక్కలా పగడపు దిబ్బలు. భారతదేశం నుంచి వచ్చే తెరచాప ఓడ ఆ ఎదురుగాలిలో అటూ ఇటూ మలుపులు తిరుగుతూ వారాల తరబడి కష్టపడాలి. ఆ పైన కాలువలో గాలితో నడవలేదు కాబట్టి అద్దె ఆవిరి పడవతో లాగించుకోవాలి. దానికంటే ఆఫ్రికా చుట్టూ తిరిగి రావడమే చౌక. అందువల్ల ఈ కాలువ తెరిచిన రోజున ప్రపంచంలో ఉన్న ఓడల్లో చాలావాటికి అది పనికిరాని దారి.

ఆవిరి ఓడ సంగతి వేరు. లండన్ నుంచి బొంబాయికి ఆఫ్రికా చుట్టూ సుమారు 10,700 నాటికల్ మైళ్లు, సూయజ్ మీదుగా సుమారు 6,300. గంటకు 9 నాటికల్ మైళ్లు నడిచే ఓడకు మొదటిది 50 రోజులు, రెండోది 29 రోజులు. అయితే ఇంజనీరుగా నేను చూసేది రోజులను కాదు, బొగ్గును. రోజుకు 20 టన్నులు కాల్చే ఓడను ఊహించండి. కొత్త దారిలో జిబ్రాల్టర్, మాల్టా, పోర్ట్ సయీద్, ఏడెన్, ప్రతిచోటా బొగ్గు దొరుకుతుంది. అన్నిటికంటే పొడవైన మజిలీ ఏడెన్ నుంచి బొంబాయికి, 1,650 మైళ్లు, ఎనిమిది రోజులు, 160 టన్నులు. అంటే ఎప్పుడూ రెండు వందల టన్నుల లోపు బొగ్గుతో బయలుదేరవచ్చు, మిగిలిన చోటంతా సరుకుకే. ఆఫ్రికా దారిలో మజిలీలు చాలా పొడవు, ఓడ తన పొట్టలో సగం బొగ్గుకే ఇచ్చుకోవాలి, ఆ దారి రేవుల్లో బొగ్గు ధర కూడా ఎక్కువ. అందువల్ల దూరం తగ్గడం కంటే మజిలీలు పొట్టివి కావడమే ఆవిరి ఓడను గెలిపించిందని నేను నమ్ముతాను. అటువంటి ఓడలు చాలినన్ని తయారయ్యేదాకా కాలువ కంపెనీ ఎదురుచూడవలసి వచ్చింది.

కాకినాడ_కెరటం
ఇది నేను ఎప్పుడూ ఆలోచించని కోణం, నా సుంకం మాట చిన్నదే అయింది. మా ముత్తాతలు పత్తి కొట్లలో పనిచేసేవారు. అమెరికా యుద్ధం రోజుల్లో కాకినాడ పత్తికి గిరాకీ వచ్చి, యుద్ధం ముగియగానే పడిపోయిందని ఇంట్లో చెప్పుకునేవారు. కాలువ తెరిచాక మళ్లీ లేచిందా?

పాతపటాలు
పత్తి ధర యుద్ధకాలపు ఎత్తుకు మళ్లీ వెళ్లలేదు. మారినది అమ్మే పద్ధతి. అంతకు ముందు సరుకు నాలుగైదు నెలలు సముద్రం మీద ఉండేది. ధర తెలియదు, ఎప్పుడు చేరుతుందో తెలియదు. అందువల్ల లండన్, లివర్‌పూల్ గోదాముల్లో నెలల తరబడి నిల్వ పెట్టుకుని, అక్కడి నుంచి యూరప్ అంతటికీ అమ్మేవారు. 1870లో ఎర్ర సముద్రం అడుగున బొంబాయికి తంతి తీగ కూడా వచ్చింది. ఇక మార్సెయి, ట్రియెస్ట్ వర్తకులు తంతి కొట్టి ధర కుదుర్చుకుని, నెలలోపు నేరుగా తమ రేవుకే సరుకు తెప్పించుకోగలిగారు. కాలువకు ఎక్కువ ఓడలు పంపినది బ్రిటనే, అయినా ఆ గోదాముల మధ్యవర్తిత్వాన్ని దెబ్బతీసినదీ ఆ కాలువే.

తేయాకు కోసం చైనా వెళ్లే తెరచాప ఓడ కట్టీ సార్క్‌ను నీటిలోకి దించినది 1869 నవంబరు 22న, కాలువ తెరిచిన ఐదు రోజులకు. అంత వేగమైన ఓడ కూడా కొన్నేళ్లకే తేయాకు వదిలి ఆస్ట్రేలియా ఉన్నికి మళ్లింది.

నల్లరేగడి
మాది కర్నూలు జిల్లా. లాభాల లెక్క చెబుతున్నారు, నష్టాల లెక్క కూడా చెప్పాలి. మా అవ్వ వాళ్ల అవ్వ ధాత కరువు కథలు చెప్పేదట. 1876 నుంచి 78 దాకా మా సీమలో మనుషులు ఆకులు తిని చచ్చిపోతున్నప్పుడు ఈ దేశం నుంచి గోధుమలు ఇంగ్లండుకు వెళ్లాయి. ఆఫ్రికా చుట్టూ తిరిగే రోజుల్లో గోధుమ రెండుసార్లు భూమధ్యరేఖ వేడికి పురుగుపట్టేది. కాలువ వచ్చాకే ఆ ఎగుమతి సాధ్యమైంది.

పాతపటాలు
ఎగుమతి జరిగిన మాట నిజం, కాలువ దాన్ని సులువు చేసిన మాట కూడా నిజం. అయితే ఆ గోధుమ ఎక్కువగా ఉత్తరాదిది. 1873లో గోధుమ మీద ఎగుమతి సుంకం ఎత్తేశారు, రైలు మార్గాలు పొలాల దాకా వచ్చాయి. సీమకు ధాన్యం చేరకపోవడానికి కొనే శక్తి లేని జనం, దాన్ని పట్టించుకోని ప్రభుత్వ విధానం ప్రధాన కారణాలని నేను అనుకుంటాను.

నల్లరేగడి
విధానం చేసినవాడికి దారి కూడా ఉండాలి కదా. దారి లేకపోతే ఆ గోధుమ ఇక్కడే ఉండేది. ఈ విషయంలో మీతో నేను ఏకీభవించలేను.

నల్లగొండ_మనవడు
నల్లరేగడి గారి మాటకు నేను తోడు. ఈజిప్టు సంగతి కూడా అంతే. తీర్పు సొమ్ము, తవ్వకం వాటాలు, అప్పుల మీద వడ్డీ, అన్నీ కలిసి 1875లో ఇస్మాయిల్ కాలువ కంపెనీలో తన 1,76,602 వాటాలను సుమారు 40 లక్షల పౌండ్లకు బ్రిటన్‌కు అమ్ముకున్నాడు. తవ్వినవారి దేశానికి తన కాలువలో వాటా లేకుండా పోయింది.

పాఠాల_నాన్న
నిన్న సాయంత్రం ఇదంతా మా అమ్మాయికి చదివి వినిపించాను. దోనెలో నీళ్లు వదలడం తనకు బాగా నచ్చింది. మంజాలా బురద దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మళ్లీ ఒక ప్రశ్న వేసింది: రెండు వైపులా సముద్రమే అయితే, మధ్యలో కాలువలో నీరు ఎటు నుంచి ఎటు పారుతుంది?

నావిక_విశాఖ
బిట్టర్ సరస్సులకు దక్షిణాన ఆటుపోట్లతో అటూ ఇటూ. ఉత్తరాన మాత్రం కాలాన్ని బట్టి: వేసవిలో మధ్యధరా నుంచి దక్షిణానికి, చలికాలంలో ఎర్ర సముద్రం నుంచి ఉత్తరానికి. జులైలోనూ జనవరిలోనూ పోర్ట్ సయీద్ దగ్గర గట్టుకు కట్టిన పడవలు ఏ వైపు తిరిగి ఉంటాయో నేను గమనించాను, రెండు నెలల్లో రెండు దిక్కులు.